డైట్ డ్రింక్ బరువు తగ్గిస్తుందా? ముందు దేని బదులు తాగుతున్నారో చెప్పండి

2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మార్గదర్శకం విడుదల చేసింది. బరువు అదుపులో పెట్టుకోవడానికి చక్కెర లేని తీపి పదార్థాల మీద, అంటే స్వీటెనర్ల మీద, ఆధారపడొద్దని దాని సారాంశం. దాదాపు అదే సమయంలో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో జరిగిన ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. బరువు తగ్గే కార్యక్రమంలో చేరినవాళ్లలో ఏడాది పాటు డైట్ డ్రింక్‌లు తాగినవాళ్లు సగటున 7.5 కిలోలు తగ్గితే, నీళ్లు తాగినవాళ్లు 6.1 కిలోలు తగ్గారు. ఒకరు వద్దంటున్నారు, ఇంకొకరి లెక్కల్లో అవే పనిచేస్తున్నాయి. చదివేవాళ్లకు బుర్ర తిరగడంలో వింతేముంది?

కానీ ఈ రెండూ అబద్ధాలు కావు. ఈ రంగంలో ఏ వార్త చదివినా మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. డైట్ డ్రింక్‌ను దేనితో పోల్చారు? చక్కెర డ్రింక్‌తోనా, నీళ్లతోనా, లేక అది తాగని వేరే మనుషులతోనా? పోలిక మారితే జవాబు మారిపోతుంది. తగాదాలో సగం ఇక్కడే తేలిపోతుంది.

ముందు డబ్బాలో ఏముందో చూద్దాం. మామూలు కోలా 330 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర, దాదాపు 140 కేలరీలు ఉంటాయి. డైట్ కోలాలో ఆ చక్కెర స్థానంలో ఆస్పర్టేమ్ లాంటిది గ్రాములో నాలుగో వంతుకు అటూ ఇటూగా వేస్తే చాలు. చక్కెర కన్నా అది సుమారు 200 రెట్లు తీపి. సుక్రలోజ్ అయితే 600 రెట్లు. ఆస్పర్టేమ్‌కు కూడా గ్రాముకు 4 కేలరీలు ఉన్నాయి కానీ, పడేదే చిటికెడు కాబట్టి డబ్బాకు వచ్చేది ఒక కేలరీ. సుక్రలోజ్ ఎక్కువ భాగం ఒంట్లోకి చేరకుండానే మలంలో పోతుంది. చేరిన కాస్తా మూత్రంలో వెళ్లిపోతుంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇంతవరకూ గొడవ లేదు. 140 కేలరీలు తీసేశాం, బరువు తగ్గాలి. అసలు ప్రశ్న తర్వాత వస్తుంది. నాలుకకు తీపి తగిలింది, పొట్టలోకి శక్తి రాలేదు. శరీరం ఈ మోసాన్ని కనిపెట్టి తర్వాతి భోజనంలో ఆ లోటు పూడ్చుకుంటుందా?

దీన్ని నిజాయితీగా పరీక్షించాలంటే ఎవరు ఏం తాగుతున్నారో తాగేవాళ్లకు తెలియకూడదు. తెలిస్తే మనసు అడ్డొస్తుంది. అలాంటి ప్రయోగాల్లో నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిది నెదర్లాండ్స్‌లో జరిగి 2012లో ప్రచురితమైన ట్రయల్. రోజూ తీపి డ్రింక్ తాగే అలవాటున్న 641 మంది పిల్లల్ని తీసుకున్నారు. వయసు సుమారు ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు. అలవాటు లేని పిల్లలకు కొత్తగా చక్కెర అలవాటు చేయడం తప్పు కాబట్టి వాళ్లను చేర్చుకోలేదు. రోజుకు 250 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి. సగం మందికి చక్కెరతో, 104 కేలరీలు. మిగతా సగానికి సుక్రలోజ్, ఎసిసల్ఫేమ్ కలిపినది, కేలరీలు సున్నా. చూడ్డానికీ తాగడానికీ రెండూ ఒకేలా ఉండేట్టు ప్రత్యేకంగా తయారు చేయించారు. ఏది ఎవరికి వెళుతోందో పిల్లలకూ తెలియదు, కొలతలు తీసేవాళ్లకూ తెలియదు. పిల్లలు నిజంగా తాగుతున్నారా లేక పారబోస్తున్నారా? ఇందాక చెప్పిన సంగతి ఇక్కడ పనికొచ్చింది. మూత్రంలో సుక్రలోజ్ కొలిచి పట్టుకున్నారు.

పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే, పెరిగే పిల్లలు కాబట్టి అందరూ బరువు పెరిగారు. చక్కెర డ్రింక్ తాగినవాళ్లు సగటున 7.37 కిలోలు, చక్కెర లేనిది తాగినవాళ్లు 6.35 కిలోలు. తేడా కిలో. కొవ్వు కూడా వీళ్లలో తక్కువే చేరింది. ఆకలి సంగతీ విడిగా అడిగారు. డబ్బా తాగాక పొట్ట ఎంత నిండినట్టుందన్న ప్రశ్నకు రెండు గుంపుల జవాబులూ ఇంచుమించు ఒకటే.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. రోజుకు 104 కేలరీల చొప్పున పద్దెనిమిది నెలలకు యాభై వేలకు పైగా కేలరీలు. కిలో కొవ్వుకు 7,700 కేలరీలన్న పాత సూత్రం పట్టుకుంటే తేడా ఏడు కిలోలు రావాలి. వచ్చింది ఒక్క కిలో. మిగతా ఆరు ఏమయ్యాయి?

కొంత మామూలు కారణమే. నాలుగో వంతు మంది మధ్యలో తాగడం మానేశారు, మిగిలినవాళ్లూ ప్రతిరోజూ తాగలేదు. రెండోది, ఆ పాత సూత్రమే తప్పు. బరువు పెరిగే కొద్దీ శరీరం ఖర్చు చేసే శక్తి కూడా పెరుగుతుంది, తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. అందుకే రోజుకు ఇన్ని కేలరీలు కోస్తే బరువు ఏళ్ల తరబడి అదే వేగంతో తగ్గుతూ పోదు, ఒకచోట నిలబడుతుంది. మూడోది, కొంత లోటును పిల్లలు తమకు తెలియకుండానే తిండితో పూడ్చుకున్నారు. అదే బృందం తర్వాత మళ్లీ లెక్కలు తీసి చూస్తే, బక్కగా ఉన్న పిల్లలు ఆ లోటులో పెద్ద భాగం భర్తీ చేసుకున్నారు, కాస్త లావుగా ఉన్నవాళ్లు చాలా తక్కువ భర్తీ చేసుకున్నారు. అంటే ఈ మార్పు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఎక్కువ పనిచేసింది. శరీరం మోసాన్ని కనిపెడుతుందా అంటే, కొంతవరకు కనిపెడుతుంది. పూర్తిగా మాత్రం కాదు.

ఎందుకు పూర్తిగా కనిపెట్టలేదో 2000లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జరిగిన చిన్న ప్రయోగం చెబుతుంది. మనుషులు పదిహేను మందే అయినా ఆలోచన చక్కగా ఉంది. రోజుకు 450 కేలరీల చక్కెరను ఒక నెల నమిలి తినే జెల్లీ మిఠాయిల రూపంలో, ఇంకో నెల కూల్‌డ్రింక్ రూపంలో ఇచ్చారు. మిఠాయిలు తిన్న నెలలో ఆ మేరకు మిగతా తిండి దానంతటదే తగ్గింది. డ్రింక్ తాగిన నెలలో తగ్గలేదు, 450 కేలరీలూ అదనంగా పడ్డాయి, బరువు పెరిగింది. ద్రవంగా లోపలికి వెళ్లిన చక్కెరను ఆకలి సరిగ్గా లెక్కలోకి తీసుకోదు. వచ్చినప్పుడే లెక్కపెట్టని కేలరీలు రాకపోతే ఆకలికి పెద్దగా తెలియదు. డైట్ డ్రింక్ పనిచేసేది ఈ కారణంగానే.

మరి డైట్ డ్రింక్ ఆకలి పుట్టిస్తుందన్న మాట ఎక్కడ మొదలైంది? 1986లో బ్రిటన్‌లో బ్లండెల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు లాన్సెట్ పత్రికకు ఒక ఉత్తరం రాశారు. ఆస్పర్టేమ్ కలిపిన నీళ్లు తాగినవాళ్లు, గ్లూకోజ్ నీళ్లు తాగినవాళ్ల కన్నా ఎక్కువ ఆకలిగా ఉందన్నారని దాని సారాంశం. ఆ తర్వాత జరిగిన అనేక ప్రయోగాల్లో మాత్రం, ఆకలి మాట ఎలా ఉన్నా, ఆస్పర్టేమ్ తీసుకున్నవాళ్లు ఎక్కువ తిన్నట్టు తేలలేదు. 2008లో మళ్లీ కలకలం. స్విథర్స్, డేవిడ్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు శాకరిన్ కలిపిన పెరుగు పెడితే, గ్లూకోజ్ కలిపిన పెరుగు తిన్నవాటి కన్నా అవి ఎక్కువ తిని లావెక్కాయి. తీపికీ శక్తికీ ఉన్న ముడి తెగిపోతే ఆకలి అదుపు తప్పుతుందని వాళ్ల వాదన. వాదన బాగుంది, ఎలుకల్లో నిజం కూడా. కానీ మనుషుల మీద నెలల తరబడి జరిగిన ట్రయల్స్ అటువైపు వెళ్లలేదు. డచ్ పిల్లలు పద్దెనిమిది నెలలు తాగినా లావెక్కలేదు కదా.

2025లో వచ్చిన అధ్యయనాన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే పోలిక మారితే జవాబు ఎలా మారుతుందో దాని లోపలే కనిపిస్తుంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 75 మందికి మూడు వేర్వేరు రోజుల్లో చక్కెర నీళ్లు, సుక్రలోజ్ నీళ్లు, మామూలు నీళ్లు ఇచ్చి మెదడు స్కాన్ తీశారు. ఆకలిని నడిపే హైపోథాలమస్ అనే భాగంలో సుక్రలోజ్ తర్వాత రక్తప్రసారం పెరిగింది. చక్కెర తాగిన రోజుతో పోలిస్తే ఆకలి కూడా ఎక్కువగా ఉందన్నారు. స్వీటెనర్ మెదడులో ఆకలి రేపుతుందని వార్తలు వచ్చేశాయి. అయితే మామూలు నీళ్లతో పోల్చినప్పుడు ఆకలి అంకెల్లో తేడా లేదు. అంటే సుక్రలోజ్ నీళ్లు తాగినవాళ్లకు నీళ్లు తాగినంత ఆకలే వేసింది. 75 గ్రాముల చక్కెర తాగినవాళ్లకు కాసేపు ఆకలి తగ్గింది, అందులో మూడు వందల కేలరీలున్నాయి మరి. మెదడులో కనిపించిన మార్పు ఆసక్తికరమే, దాన్ని కొట్టిపారేయను. కానీ స్కాన్‌లో రంగు మారినంత మాత్రాన కంచంలో అన్నం పెరిగినట్టు కాదు.

ఆకలి వేరు, తీపి మీద యావ వేరు. నాలుకకు రోజూ ఘాటైన తీపి అలవాటు చేస్తే తీపి తిండి కోసం ఇంకా ఇంకా నోరూరుతుందని అందరం అనుకుంటాం. వినడానికి సహజంగా ఉన్న ఈ మాటకు ఆధారం మాత్రం బలహీనం. నెదర్లాండ్స్, బ్రిటన్ పరిశోధకులు 180 మంది పెద్దవాళ్లకు ఆరు నెలల పాటు తీపి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ ఉన్న తిండి ఇచ్చి చూశారు. ఆ తీపిలో చక్కెర, పండ్లు, స్వీటెనర్లు అన్నీ ఉన్నాయి. ఆరు నెలల తర్వాత ఏ గుంపులోనూ తీపి మీద ఇష్టం పెరగలేదు, తగ్గలేదు. బరువులోనూ తేడా లేదు. ప్రయోగం అయ్యాక అందరూ తమ పాత తీపి అలవాటుకే తిరిగి వెళ్లారు. తీపి మానేస్తే తీపి యావ చచ్చిపోతుందని చెప్పేవాళ్లకు కూడా ఈ ఫలితం రుచించదు.

దీనికి తోడు ఇంకో సంగతి. అమెరికాలో 2012లో వచ్చిన ఒక ట్రయల్‌లో చక్కెర డ్రింక్‌ల బదులు కొందరికి నీళ్లు, కొందరికి డైట్ డ్రింక్‌లు ఇచ్చారు. ఆరు నెలల్లో రెండు గుంపులూ శరీర బరువులో రెండు శాతం అటూ ఇటూగా తగ్గారు. వాళ్ల తిండి వివరాలు తీసి చూస్తే, భోజనం తర్వాత తినే మిఠాయిలు నీళ్ల గుంపులో కన్నా డైట్ డ్రింక్ గుంపులో ఎక్కువగా తగ్గాయి. ఆ కోరిక డబ్బాతోనే కొంత తీరిపోయి ఉండొచ్చు. అందరికీ ఇలాగే జరుగుతుందని అనలేం. కానీ డైట్ డ్రింక్ తాగితే మిఠాయి మీదకు చెయ్యి పోతుందన్న మాట మాత్రం ఇక్కడ తిరగబడింది.

ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గరకు వద్దాం. వాళ్లు రెండు రకాల ఆధారాలు చూశారు. ఒకటి ట్రయల్స్. వాటిలో స్వీటెనర్ తీసుకున్నవాళ్లు సగటున 0.7 కిలో ఎక్కువ తగ్గారు, అదీ ముఖ్యంగా చక్కెరతో పోల్చినప్పుడు. చాలా ట్రయల్స్ కొద్ది నెలలే నడిచాయి. రెండోది, వేల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు. వాటిలో స్వీటెనర్లు ఎక్కువ వాడేవాళ్లలో ఊబకాయం, షుగర్ జబ్బు ఎక్కువగా కనిపించాయి. చిక్కంతా రెండో రకంలో ఉంది. డైట్ డ్రింక్ ఎవరు మొదలుపెడతారు? ఎక్కువగా, బరువు పెరుగుతున్నవాళ్లూ, డాక్టర్ చేత చీవాట్లు తిన్నవాళ్లూ. ఆస్పత్రిలో ఉన్నవాళ్లంతా జబ్బుపడ్డవాళ్లే కాబట్టి ఆస్పత్రే జబ్బు తెచ్చిందంటే ఎలా? లెక్కల్లో మొదటి రోజు బరువును సరిచేస్తారు కానీ, బరువు ఎటువైపు పోతోందో, ఇంట్లో ఎవరికి షుగర్ ఉందో, ఏ భయంతో అలవాటు మార్చారో పూర్తిగా సరిచేయడం కష్టం. సంస్థకు ఈ సంగతి తెలుసు. అందుకే తన సిఫారసును గట్టి ఆదేశంగా కాక షరతులతో కూడినదిగా ప్రకటించింది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు ఇది వర్తించదని కూడా రాసింది. వార్తల్లో ఈ రెండు వాక్యాలూ సాధారణంగా కనబడవు.

నీళ్లతో పోలిక దగ్గర మాత్రం నేను కాస్త జాగ్రత్తగా మాట్లాడతాను. లివర్‌పూల్ ట్రయల్‌లో డైట్ డ్రింక్ గుంపు ముందుంది. 2016లో అమెరికాలో వచ్చిన ట్రయల్‌లోనూ అంతే, ఇంకా ఎక్కువ తేడాతో. ఈ రెండిటికీ డబ్బు ఇచ్చింది అమెరికాలోని శీతల పానీయాల పరిశ్రమ సంఘం. ఇరాన్‌లో మహిళల మీద జరిగిన ట్రయల్‌లో, భోజనం తర్వాత డైట్ డ్రింక్ తాగేవాళ్లను నీళ్లకు మార్చితే నీళ్ల గుంపే ఒక కిలో పైచిలుకు ఎక్కువ తగ్గింది. డబ్బు పరిశ్రమది అయినంత మాత్రాన ఫలితం అబద్ధమని కాదు. కానీ అటొకటి ఇటొకటి వచ్చినప్పుడు, తేడా కిలో నుంచి దాదాపు నాలుగు కిలోల దాకా ఊగుతున్నప్పుడు, నీళ్ల కన్నా డైట్ డ్రింక్ మేలని చెప్పడానికి నాకు నోరు రాదు. నీళ్లతో సరిపెట్టుకోగలిగినవాళ్లు బరువు కోసం కొత్తగా డైట్ డ్రింక్ మొదలుపెట్టడానికి కారణం లేదు.

నిజ జీవితంలో డైట్ డ్రింక్ ఎక్కడ దెబ్బతింటుందంటే, తాగేవాడికి అది డైట్ అని తెలియడం దగ్గర. 1995లో షైడ్, రోల్స్ అనే పరిశోధకులు స్త్రీలకు భోజనానికి ముందు పెరుగు ఇచ్చారు. దాని మీద కొవ్వు తక్కువ అని చీటీ ఉంటే, లోపల కేలరీలు అంతే ఉన్నా, తర్వాత భోజనంలో ఎక్కువ తిన్నారు. అది కొవ్వు సంగతి, ఇది చక్కెర సంగతి, మనసు మాత్రం ఒకటే. కోలా డైట్‌ది తీసుకున్నాం కదా, ఇంకో ప్లేటు వేపుళ్లు లాగించొచ్చు అనుకోవడానికి హార్మోన్లతో పనిలేదు. చక్కెర డబ్బా బదులు డైట్‌ది తాగితే మిగిలేది 140 కేలరీలు. ఓ మోస్తరు చిప్స్ పొట్లం దాన్ని తినేసి ఇంకా పైకి పోతుంది.

రోజుకు ఒక చక్కెర డబ్బా తాగే మనిషి దాన్ని డైట్‌కు మార్చాడనుకుందాం. బరువు ఎక్కువున్న పెద్దవాళ్లకు పరిశోధకులు ఇప్పుడు వాడే లెక్క ఇలా ఉంటుంది. రోజుకు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతారు, అందులో సగం మొదటి ఏడాదిలో, మిగతాది దాదాపు అంతా మూడేళ్లలో. 140 కేలరీలకు దాదాపు ఆరు కిలోలు, మొదటి ఏడాది మూడు. సగం లోటును తిండితో పూడ్చుకున్నాడంటే మొదటి ఏడాది కిలోన్నర. నెలకు నూట పాతిక గ్రాములు. ఉప్పు ఎక్కువ తిన్న రోజు, పడుకునే ముందు ఎక్కువ నీళ్లు తాగిన రోజు, త్రాసు ముల్లు అంతకన్నా ఎన్నో రెట్లు కదులుతుంది. రెండు వారాలు డైట్ డ్రింక్ తాగి ఏమీ తగ్గలేదని విసుక్కునేవాళ్లు కొలవలేనిదాన్ని కొలుస్తున్నారు. రోజూ ఉదయం ఒకే వేళకు బరువు చూసి, వారం సగటు తీసి, మూడు నాలుగు నెలల తర్వాత మొదటి వారంతో పోల్చితేనే ఏదైనా తెలుస్తుంది. అప్పటికీ కదలకపోతే స్వీటెనర్ను తిట్టేముందు ఆ డబ్బాతో పాటు ఏం తింటున్నారో ఒక వారం రాసి చూడటం మంచిది.

షుగర్ ఫ్రీ అని రాసి ఉన్న బిస్కెట్లు, చాక్లెట్ల మీద ఈ లెక్క నడవదు. డ్రింక్‌లో చక్కెర తీస్తే మిగిలేది నీళ్లే. బిస్కెట్‌లో చక్కెర తీస్తే ఆ ఖాళీలో పిండి, కొవ్వు, మాల్టిటాల్ అనే తీపి పదార్థం లాంటివి వస్తాయి. మాల్టిటాల్‌కు చక్కెరలో సగానికి పైగా కేలరీలున్నాయి. ప్యాకెట్ వెనక 100 గ్రాములకు ఎన్ని కేలరీలో మామూలు బిస్కెట్‌తో పోల్చి చూస్తే తేడా ఎంత తక్కువో తెలిసిపోతుంది.

చివరగా, స్వీటెనర్లన్నిటినీ ఒకే గాటన కట్టడం కూడా పొరపాటే కావచ్చు. 2019లో పర్డ్యూలోనే హిగ్గిన్స్, మాట్టెస్ అనే పరిశోధకులు 154 మందికి పన్నెండు వారాల పాటు రోజూ లీటరుకు పైగా తీపి డ్రింక్ ఇచ్చారు. ఒక్కో గుంపుకు ఒక్కో తీపి. చక్కెర గుంపు 1.85 కిలోలు పెరిగింది, అది ఊహించినదే. శాకరిన్ గుంపు కూడా 1.18 కిలోలు పెరిగింది, అది ఎవరూ ఊహించనిది. ఆస్పర్టేమ్, స్టీవియా నుంచి తీసిన తీపి తాగినవాళ్ల బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. సుక్రలోజ్ గుంపు మాత్రం కాస్త తగ్గింది. ఒక్క ట్రయల్‌తో శాకరిన్ చెడ్డది, సుక్రలోజ్ మంచిదని తీర్పు చెప్పలేం. కానీ ఇప్పటిదాకా వచ్చిన సగటులు చాలావరకు వీటన్నిటినీ కలిపి తీసినవే. డబ్బా మీద పదార్థాల జాబితాలో ఏ స్వీటెనరో పేరు రాసే ఉంటుంది. మీ చేతిలో ఉన్న డ్రింక్ గురించి రేపు ఏ అధ్యయనం వచ్చినా, అందులో ఉన్నదీ మీ డబ్బాలో ఉన్నదీ ఒకటేనో కాదో ముందు అక్కడ చూసుకోండి.